గుట్టు విప్పకుండా తీర్పు చెప్పడం ఎలా? నవలా సమీక్షకు ఒక మార్గదర్శి

నవల పూర్తయింది. బాగుంది, కానీ ఒకచోట దెబ్బతింది. ఆ దెబ్బ తగిలింది సరిగ్గా కథలో గుట్టు దాగి ఉన్న చోటే. లోపం ఏమిటో చెబితే చదవబోయేవారికి మలుపు ముందే తెలిసిపోతుంది. చెప్పకపోతే మన తీర్పులో సగం నిజం లోపిస్తుంది. సమీక్ష రాసేవారు నడవాల్సిన సందుల్లో ఇంతకంటే ఇరుకైనది నాకు తెలియదు.

చాలామంది ఈ సందులోకి వెళ్లకుండా పక్కదారి పడతారు. కొందరు "చిన్న చిన్న లోపాలున్నా మంచి ప్రయత్నం" అని దాటేస్తారు. ఇంకొందరు "ఇక్కడి నుంచి స్పాయిలర్లు ఉన్నాయి, జాగ్రత్త" అని హెచ్చరించి కథంతా చెప్పేస్తారు. రెండో పద్ధతి నిజాయితీగా కనిపిస్తుంది గానీ, పుస్తకం చదవాలో వద్దో తేల్చుకోలేక వచ్చిన మనిషికి కావలసిన సమాచారమంతా అతను చదవకూడని పేరాలోనే ఉండిపోతుంది. ఇక ఆ సమీక్ష అతనికి ఎందుకు?

ఈ మార్గదర్శి ఆ ఇరుకు సందు గురించే. వివరంగా చూడటానికి ఒక నవలను ఊహించుకుందాం. అది ఎక్కడా లేదు కాబట్టి ముగింపుతో సహా చెప్పేసినా తిట్టేవారు ఉండరు.

320 పేజీల నవల. గడియారాలు బాగుచేసే ఒక నడివయసు మనిషి తన కథ తానే చెబుతుంటాడు. పదేళ్లుగా అతని చెల్లెలు ఇంట్లో లేదు. 18వ పేజీలో ఒక అపరిచితుడు దుకాణానికి ఒక పాత చేతిగడియారం తెస్తాడు. అది అన్న ఒకప్పుడు తన చేతులతో బాగుచేసి చెల్లెలికి ఇచ్చినదే. 214వ పేజీలో గుట్టు బయటపడుతుంది: చెల్లెలు ఎక్కడుందో అన్నకు మొదటినుంచీ తెలుసు. తండ్రి బారినుంచి తప్పించి ఆమెను పంపించింది అతనే. ఎవరికీ చెప్పనని ఆమెకు మాట ఇచ్చాడు, ఆ మాట కోసం మనకు కూడా చెప్పలేదు.

ఇందులో రెండు లోపాలు ఉన్నాయనుకుందాం. మొదటిది, 250వ పేజీ నుంచి చివరిదాకా మనకు అప్పటికే అర్థమైపోయినదాన్ని రచయిత మళ్లీ మళ్లీ విడమరచి చెబుతాడు. రెండోది ఇంకా లోతైనది. 41వ పేజీలో అన్న అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుని "ఎక్కడుందో ఏమో" అని మనసులో అనుకుంటాడు. ఇతరులతో అబద్ధం చెప్పాడంటే అది పాత్ర స్వభావం. తెలిసిన విషయాన్ని తెలియనట్లు తన మనసులోనే అనుకోవడం మాత్రం పాత్ర చేసిన మోసం కాదు, రచయిత చేసిన మోసం.

మొదటి మెట్టు: చదువుతున్నప్పుడు రాసుకోవలసినవి

సమీక్ష కోసం చదివేటప్పుడు నేను రాసుకునేవి కథ సంగతులు కావు. కథ తర్వాత కూడా గుర్తుంటుంది, లేదా పేజీ తిప్పితే దొరుకుతుంది. పుస్తకం ముగిశాక ఎంత వెతికినా దొరకనిది ఒకటుంది: ఆ పేజీ దగ్గర మనకు ఏమీ తెలియనప్పుడు మనం ఏమనుకున్నామో అది. ముగింపు తెలిసిన మరుక్షణం "నాకు ముందే అనిపించింది" అని మనసు మాట మార్చేస్తుంది.

అందుకని పావు భాగం అయ్యాక ఒకసారి, సగం అయ్యాక ఒకసారి పుస్తకం మూసి మూడు వాక్యాలు రాస్తాను. ఇప్పటిదాకా కథ దేని గురించి అనుకుంటున్నాను? ఏం జరుగుతుందని ఎదురుచూస్తున్నాను? ఎవరిని నమ్ముతున్నాను? మన నవలలో 80వ పేజీ దగ్గర రాసుకున్న చీటీ ఇలా ఉంటుంది: "తప్పిపోయిన చెల్లెలిని వెతికే అన్న కథ. అపరిచితుడి మీద అనుమానం. అన్నంటే ఇష్టంగా ఉంది." చదవబోయే పాఠకుడు నిలబడి ఉన్న చోటు సరిగ్గా ఇదే. సమీక్షలో కథ గురించి మాట్లాడేటప్పుడు మనం తిరిగి వెళ్లి నిలబడాల్సిందీ అక్కడే.

వీటితోపాటు, పుస్తకం పక్కన పెట్టేసిన ప్రతిచోటా పేజీ నంబరు వేస్తాను. నిద్రొచ్చి ఆపానా, విసుగొచ్చి ఆపానా అన్నది ఒక్క మాటలో రాస్తాను. కథ వేగం గురించి తర్వాత ఏం రాయాలన్నా ఆ నంబర్లే సాక్ష్యం. ముందుమాట మాత్రం చివర్లో చదవండి. రాసినవారు కథంతా తెలిసినవారి కోసం రాసి ఉండవచ్చు.

రెండో మెట్టు: ముందు తీర్పు, తర్వాతే సమీక్ష

చిత్తుప్రతి మొదలుపెట్టకముందే తీర్పు రాయండి. రాస్తూ పోతే తీర్పు అదే తేలుతుందనుకుంటే అది చివరి పేరాలో "మొత్తమ్మీద పర్వాలేదు" దగ్గర తేలుతుంది.

పనికొచ్చే తీర్పులో మూడు సంగతులు ఉండాలి. చదవమంటున్నారా, వద్దంటున్నారా? ఎవరిని? చదివేవారు దేన్ని ఓర్చుకోవాల్సి వస్తుంది? ఈ మూడోదాన్నే చాలామంది వదిలేస్తారు. ఏ పుస్తకమైనా పాఠకుడి నుంచి ఏదో ఒకటి అడుగుతుంది: సమయం, ఓపిక, దుఃఖాన్ని తట్టుకునే శక్తి, కష్టమైన భాషతో కుస్తీ. ఆ ఖరీదు చెప్పకుండా పొగిడితే సరుకు చూపించి ధర దాచినట్లే.

మన నవలకు మామూలుగా వచ్చే తీర్పు ఇది: "మానవ సంబంధాలను హృద్యంగా ఆవిష్కరించిన, ఆసాంతం చదివించే గుణమున్న, ప్రతి ఒక్కరూ తప్పక చదవాల్సిన నవల." దీన్ని మరో పది పుస్తకాల కింద అతికించి చూడండి, పదింటికీ అతుకుతుంది. "కళ్లకు కట్టినట్లు", "గుండెను తడిచేస్తుంది", "ఏకబిగిన చదివిస్తుంది" లాంటివి కూడా ఇంతే. ఇవి అబద్ధాలని కాదు, అరిగిపోయాయి. ఏకబిగిన చదివించిందని రాయబోతే ముందు మీ చీటీలు చూసుకోండి. 250వ పేజీ తర్వాత నాలుగుసార్లు పుస్తకం మూసినట్లు ఉంటే ఆ మాట కొట్టేయాల్సిందే.

అదే నవలకు పనికొచ్చే తీర్పు: "నింపాదిగా, ఒక్క మనిషి గొంతుతో సాగే కథలు ఇష్టమైతే చదవండి. 250 పేజీల దాకా నిరాశపరచదు. చివరి 70 పేజీలకు ఓపిక కావాలి. నేర పరిశోధన కథ కోసం చూస్తుంటే ఇది మీకు కాదు." నాలుగు చిన్న వాక్యాలు. ఏదీ ఇంకో పుస్తకానికి అతకదు, ఏదీ గుట్టు విప్పదు. దీన్ని సమీక్ష మొదట్లోనే పెట్టండి. తీర్పు చివరిదాకా దాచి ఉత్కంఠ పెంచడానికి సమీక్ష నవల కాదు.

అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ 1975లో వచ్చిన తన వ్యాస సంకలనంలో సమీక్షకులకు కొన్ని నియమాలు రాశాడు. రచయిత ఏం చేయాలనుకున్నాడో ముందు అర్థం చేసుకోండి, అతను తలపెట్టని పనిని చేయలేదని నిందించకండి అన్నది వాటిలో మొదటిది. తీర్పు రాశాక దాన్ని ఈ గీటురాయి మీద ఒకసారి గీసి చూస్తాను. మన నవలలో "ఉత్కంఠ చాలలేదు" అని రాస్తే అది అన్యాయం, ఎందుకంటే అది ఉత్కంఠ కథగా మొదలుకాలేదు. "చివర్లో వివరణ ఎక్కువైంది" అనడం న్యాయం, ఎందుకంటే మొదటి 250 పేజీలు తక్కువ మాటలతో ఎక్కువ చెప్పగల రచయితనే మనకు చూపించాయి.

మూడో మెట్టు: గీత ఎక్కడ గీయాలి

ఎంతవరకు చెప్పవచ్చు? వెనక అట్ట మీద ఉన్నది చెప్పవచ్చు, అదీ అట్ట రాసినవారు అత్యుత్సాహం చూపకపోతేనే. ఆ పైన, మొదటి పావు భాగంలో జరిగేవాటిలో కథను కదిలించే ఒక్క సంఘటన చెబితే చాలు. మన నవలలో అది 18వ పేజీలోని గడియారం. అది చెప్పకపోతే కథ గురించి చెప్పడానికి ఏమీ మిగలదు, చెబితే పోయేదీ ఏమీ లేదు.

అయితే సంఘటన చెప్పకపోయినంత మాత్రాన గుట్టు దాగినట్లు కాదు. గుట్టు ఇంకో రెండు దారుల్లో కారిపోతుంది.

ఒకటి, కథ ఆకారం చెప్పడం. "ఎవరూ ఊహించని మలుపు ఉంది" అన్న వాక్యంలో ఏ రహస్యమూ లేదనిపిస్తుంది. ఒకప్పుడు నేనూ అలాగే అనుకుని ఒక నవల గురించి "చివరి అధ్యాయం దాకా కనిపెట్టలేరు" అని ఉత్సాహంగా రాశాను. అది చదివి పుస్తకం తెచ్చుకున్న స్నేహితురాలు మొదటి పేజీ నుంచీ ప్రతి పాత్రనూ దొంగను చూసినట్లు చూస్తూ చదివిందట. మూడో వంతు అయ్యేసరికి విషయం పట్టేసి, మిగతాదంతా తన ఊహ నిజమేనా అని సరిచూసుకోవడానికే చదివిందట. మలుపు ఏమిటో నేను చెప్పలేదు. మలుపు ఉందని చెప్పాను, అదే చాలింది. మలుపే ప్రాణంగా రాసే నేర పరిశోధన కథల సంగతి వేరు, అక్కడ మలుపు ఉంటుందని పాఠకుడికి ముందే తెలుసు. మామూలు సాంసారిక కథలా మొదలయ్యే నవలలో మాత్రం "మలుపు" అన్న మాటే రాయకండి.

రెండోది ఇంకా సూక్ష్మం. ముగింపు తెలిసిన మన గొంతు వాక్యంలోకి చొరబడుతుంది. "పాపం ఆ అన్న" అంటాం. "అన్న చెప్పినదాని ప్రకారం" అంటాం. తెలుగులో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఒక్క అక్షరం చాలు. "చెల్లెలు పదేళ్ల కిందట ఇల్లు వదిలి వెళ్లిపోయింది" అని రాస్తే అదొక సమాచారం. "వెళ్లిపోయిందట" అని రాస్తే ఆ చివరి "ట" అన్నను అనుమానించమని పాఠకుడికి కన్ను గీటుతుంది.

మరి "వెళ్లిపోయింది" అనే రాయాలా? అదీ కుదరదు. ఆమె తనంతట తాను వెళ్లిపోలేదు, అన్న పంపించాడు. రేపు నవల చదివిన మనిషి వెనక్కి వచ్చి మన సమీక్ష చూస్తే, మనం అబద్ధం చెప్పినట్లు తేలుతుంది. ఇక్కడ నేను పాటించే నియమం ఒకటే: కథ గురించి రాసే ప్రతి వాక్యమూ గుట్టు తెలియనివారికీ నిజం కావాలి, తెలిసినవారికీ నిజం కావాలి. "పదేళ్లుగా చెల్లెలు ఇంట్లో లేదు." ఇది రెండుసార్లు చదివినా నిలబడే వాక్యం. ఇలాంటివి దొరకడానికి కొంచెం తిప్పలు పడాలి, కానీ దొరుకుతాయి.

కథ ముందే తెలిస్తే నష్టమేమీ లేదనే వాదన కూడా ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖ పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ముగింపు ముందే తెలిసి చదివినవారికి ఆ కథలు సగటున కాస్త ఎక్కువే నచ్చాయని అందులో తేలింది. దాన్ని కొట్టిపారేయను. కానీ వారు చదివించినవి చిన్న కథలు, తేలినది సగటు. మూడు వందల పేజీల పాటు ఒక మనిషిని నమ్ముతూ నడవడం వేరే అనుభవం. పైగా ముందే తెలుసుకోవాలా వద్దా అన్నది పాఠకుడు నిర్ణయించుకోవాల్సిన సంగతి. ఆ నిర్ణయం అతని బదులు మనం తీసుకోకూడదు.

నాలుగో మెట్టు: కథ పేరా

సమీక్షలో కథకు ఒకే పేరా, అయిదారు వాక్యాలు. ఎవరు, ఏ స్థితిలో ఉన్నారు, ఏది వచ్చి ఆ స్థితిని కదిపింది, ఇప్పుడు ముందున్న ప్రశ్న ఏమిటి. ప్రశ్న దగ్గర ఆపేయాలి.

ఏ ప్రశ్న దగ్గర ఆపుతామన్నదే కీలకం. మన నవలకు చటుక్కున తోచే ప్రశ్న "చెల్లెలు ఎక్కడుంది?" అది పనికిరాదు, అన్నకు దాని జవాబు తెలుసు కాబట్టి. ఆ ప్రశ్నతో ముగిస్తే రచయిత చేసిన మోసాన్ని మనమూ చేసినట్లవుతుంది, నేర పరిశోధన కథ అనుకుని వచ్చేవారిని తప్పుదారి కూడా పట్టిస్తాం. "ఆ గడియారం ఈ అపరిచితుడి చేతికి ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న చూడండి. అది అన్నకూ నిజంగా తెలియదు, మనకూ తెలియదు. గుట్టుకు ముందూ వెనుకా అది ప్రశ్నే. ప్రతి మంచి నవలలోనూ ఇలా గుట్టును తాకకుండా నిలబడే ప్రశ్న ఒకటి ఉంటుందని నా నమ్మకం. కనిపించకపోతే మొదటి యాభై పేజీలు మళ్లీ తిరగేయండి.

అయిదో మెట్టు: దాచాల్సిన చోటున్న లోపాన్ని చెప్పడం

మొదటి లోపం తేలిక. "చివరి 70 పేజీల్లో వివరణ ఎక్కువైంది, సూచనతో సరిపోయే చోట రచయిత పేరాలు రాశాడు" అంటే ఎవరికీ నష్టం లేదు. వివరించినది ఏమిటో చెప్పనక్కర్లేదు. మొదట్లో ఎంత పొదుపుగా రాశాడో చూపించడానికి ఒక వాక్యం ఉటంకించండి. అలా ఉటంకించమన్నదీ అప్‌డైక్ నియమాల్లో ఒకటే. శైలి గురించి మనం రాసే పది విశేషణాలకంటే పుస్తకంలోని ఒక్క వాక్యం పాఠకుడికి ఎక్కువ చెబుతుంది. ఉటంకించే వాక్యం మాత్రం గీతకు ఇవతలి పేజీల్లోంచే తీయాలి. మన నవలలో గడియారం మూత విప్పినప్పుడు అన్న అనుకునే మాట ఒకటి ఉందనుకుందాం: "ఇది ఆగిపోలేదు, ఎవరో ఆపారు." 19వ పేజీలోది. బాగా సరిపోతుంది.

రెండో లోపం దగ్గర చెమట పట్టాలి. నా మొదటి ప్రయత్నం ఇలా ఉంటుంది: "కథ చెప్పే పాత్ర మనసులోని మాటలు తర్వాత తెలిసే నిజంతో పొసగవు." ఇది గుట్టు విప్పడమే, ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. రెండో ప్రయత్నం: "రచయిత పాఠకుడితో నిజాయితీగా ఆడలేదు." ఇందులో సంఘటన లేదు గానీ, ఇక్కడేదో ఆట ఉందని తెలిసిపోయింది. పాఠకుడు కళ్లద్దాలు సవరించుకుని కూర్చుంటాడు. నా స్నేహితురాలికి జరిగిందే అతనికీ జరుగుతుంది.

మూడోసారి దృష్టి మార్చాలి. లోపం ఎక్కడుందో, దేని వల్ల వచ్చిందో చెప్పడం మానేసి, అది ఎలాంటి చదువరికి ఎంత అడ్డు వస్తుందో చెప్పాలి. "వాక్యం మీద గట్టి పట్టున్న ఈ రచయిత మొత్తం కట్టడం మీద అంత శ్రద్ధ పెట్టలేదు. వెనక్కీ ముందుకీ సరిచూసుకుంటూ చదివే అలవాటున్నవారికి ఒకటి రెండు అతుకులు కనిపిస్తాయి. మనుషుల కోసం చదివేవారికి అవి అడ్డు రావు." ఇందులో లోపం ఉందని చెప్పాం, అది భాషలో కాదు కట్టడంలో ఉందని చెప్పాం, దాని బరువు చెప్పాం, ఎవరిని ఇబ్బంది పెడుతుందో చెప్పాం. చోటు ఒక్కటే చెప్పలేదు. తేల్చుకోవడానికి చోటు అవసరం లేదు.

ఒక్కోసారి ఇదీ కుదరదు. పుస్తకం మొత్తం ఒక్క గుట్టు మీదే నిలబడి, ఆ గుట్టే నైతికంగా అభ్యంతరకరమైతే ఎంత దూరం నుంచి చూపించినా అది కనబడుతుంది. అప్పుడు సూటిగా ఒప్పుకోవడమే మేలు: "నా అభ్యంతరం ఒకటుంది, కథ చెప్పకుండా దాన్ని వివరించలేను. దాని వల్ల నా తీర్పు ఒక మెట్టు దిగింది." కారణం దాచినా బరువు దాచలేదు. ఆ అభ్యంతరం మీద చర్చ చేయాలనిపిస్తే పుస్తకం చదివినవారి కోసం వేరే వ్యాసం రాయండి. అది సమీక్ష కాదు, విమర్శ. అందులో ముగింపు దాచాల్సిన పనిలేదు.

ఆరో మెట్టు: ఎవరికి, ఎవరికి కాదు

"ఎవరికి నచ్చుతుంది" అన్నదానికి వయసు, వృత్తి చెప్పడం దండగ. చదివే అలవాటు చెప్పాలి. సంభాషణలు ఎక్కువ కావాలనేవారా, వర్ణన ఇష్టపడేవారా? రోజుకు పది పేజీలు చదివేవారా, సెలవు రోజు కూర్చుని ముగించేవారా? మన నవలలో అధ్యాయాలు పొడవైనవి, మధ్యలో ఆపితే పట్టు తప్పుతుంది. బస్సులో పది నిమిషాలు చదువుకునేవారికి ఆ ఒక్క మాట మొత్తం సమీక్షకంటే ఎక్కువ ఉపయోగం.

మనసును కలచివేసే విషయాల గురించి ముందే చెప్పడం మంచిదే, అయితే దానికీ ఒక పద్ధతి ఉంది. సమీక్ష చివర, వేరే వాక్యంగా, కోవ మాత్రమే చెప్పండి: "ఇంట్లో జరిగే హింస గురించిన సన్నివేశాలు ఉన్నాయి." ఎవరి మీద, ఎవరు, ఏ భాగంలో అన్నవి వద్దు. "తండ్రి చేతిలో దెబ్బలు" అంటే మన నవల సగం తెలిసిపోతుంది.

రేటింగ్ గురించి రెండు మాటలు. స్టార్లు ఇవ్వాల్సి వస్తే పక్కన వాటి అర్థం రాయండి. పాఠకులు పుస్తకాలకు రేటింగ్ ఇచ్చే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌లో మూడు స్టార్లకు "నచ్చింది" అని అర్థం, చాలామంది దాన్ని "అంతంతమాత్రం" అని చదువుకుంటారు. మాటల్లో తీర్పు స్పష్టంగా ఉంటే స్టార్ల అవసరం నాకు కనిపించదు.

ఇవన్నీ కలిపితే సమీక్ష ఇలా తయారవుతుంది.

"నింపాదిగా, ఒక్క మనిషి గొంతుతో సాగే కథలు ఇష్టమైతే ఈ నవల చదవండి. 250 పేజీల దాకా నిరాశపరచదు. చివరి 70 పేజీలకు ఓపిక కావాలి. నేర పరిశోధన కథ కోసం చూస్తుంటే ఇది మీకు కాదు.

గడియారాలు బాగుచేసే నడివయసు మనిషి. పదేళ్లుగా అతని చెల్లెలు ఇంట్లో లేదు. ఆమె పేరు ఎత్తడం అందరూ మానేశారు. ఒకరోజు ఒక అపరిచితుడు దుకాణానికి తెచ్చిన గడియారం చూసి అతని చేతులు ఆగిపోతాయి. అది అతను చెల్లెలికి ఇచ్చినది. ఈ మనిషి చేతికి ఎలా వచ్చింది?

నవల బలమంతా అన్న గొంతులో ఉంది. మూత విప్పి లోపలి చక్రాలు చూసి 'ఇది ఆగిపోలేదు, ఎవరో ఆపారు' అనుకుంటాడు. ఇలాంటి పొడి వాక్యాలే కథను మోస్తాయి. పనిముట్లు, చమురు, భూతద్దం కింద కనిపించే గీతలు, వీటి గురించి రచయితకు బాగా తెలుసు. ఆ తెలివిడి ప్రదర్శనగా కాక పాత్ర స్వభావంగా వస్తుంది. అందుకే చివరి భాగం ఎక్కువ నొప్పించింది. సూచనతో సరిపోయే చోట పేరాలు రాశాడు. వాక్యం మీద ఉన్న పట్టు మొత్తం కట్టడం మీద లేదు. వెనక్కీ ముందుకీ సరిచూసుకుంటూ చదివేవారికి ఒకటి రెండు అతుకులు కనిపిస్తాయి. మనుషుల కోసం చదివేవారికి అవి అడ్డు రావు.

అధ్యాయాలు పొడవైనవి, తీరిక ఉన్న రోజున మొదలుపెట్టండి. ఇంట్లో జరిగే హింస గురించిన సన్నివేశాలు ఉన్నాయి."

చిన్నదే. ఇంగ్లిషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో సమీక్షకుల బతుకు మీద రాసిన వ్యాసంలో, ముఖ్యమైన కొద్ది పుస్తకాలకు కనీసం వెయ్యి మాటల సమీక్ష ఉండాలని, మిగతావాటిలో చాలావాటిని వదిలేయడమే మేలని, రాబోయే పుస్తకాల గురించి ఒకటి రెండు వాక్యాల పరిచయాలు పనికిరావచ్చని, ఆ మధ్యరకం ఆరువందల మాటల సమీక్షలే ఎందుకూ కొరగావని అన్నాడు. పుస్తకాన్ని విశ్లేషించాలంటే ఆయన మాట నిజమే. చదవాలో వద్దో తేల్చుకోవడానికి మాత్రం పైన ఉన్నంత సరిపోతుందని నా లెక్క.

చివరి మెట్టు: ఇద్దరు చదువరులు

సమీక్షను ఒకరోజు పక్కన పెట్టి, ఇద్దరికి చూపించండి. ఒకరు పుస్తకం చదివినవారు, ఒకరు చదవనివారు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగకూడదు.

చదివినవారిని అడగాల్సింది: ఇందులో అబద్ధం ఉందా? కథ పేరాలోని ప్రతి వాక్యం మీదా వేలు పెట్టి అడగండి. పై సమీక్షలో "ఆమె పేరు ఎత్తడం అందరూ మానేశారు" అన్న దగ్గర వారు ఆగవచ్చు. అందరూ మానేశారా, అన్న ఎవరూ ఎత్తకుండా చేశాడా? నవలలో రెండోదే జరిగి ఉంటే ఆ వాక్యాన్ని "ఆ ఇంట్లో ఆమె పేరు వినిపించదు" అని మార్చాలి.

చదవనివారిని మాత్రం "బాగుందా?" అని అడగకండి, మర్యాదకు బాగుందంటారు. మూడు ప్రశ్నలు అడగండి. నువ్వు చదువుతావా? ఎందుకు? కథలో ఏం జరుగుతుందనుకుంటున్నావు? మొదటి రెండింటికీ తడుముకోకుండా జవాబు వస్తే తీర్పు స్పష్టంగా ఉన్నట్లు. "పొడవైన అధ్యాయాలు నా వల్ల కాదు, నేను చదవను" అన్నా సరే, సమీక్ష తన పని చేసినట్లే. "ఏమో, చూడాలి" అంటే రెండో మెట్టుకు తిరిగి వెళ్లాలి. మూడో ప్రశ్నకు "అపరిచితుడే ఏదో చేసి ఉంటాడు" అన్నారనుకోండి, 80వ పేజీ దగ్గర మనం రాసుకున్న చీటీలో ఉన్నది కూడా ఆ అనుమానమే కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చు. "ఆ అన్న మీదే నాకేదో అనుమానంగా ఉంది" అంటే ఏ మాట దగ్గర అలా అనిపించిందో వేలు పెట్టి చూపించమనండి. నేనైతే ముందుగా "అతుకులు" ఉన్న వాక్యం దగ్గరే వెతుకుతాను.